26 జెండాల పరీక్ష

మా మామగారు ముప్పై మూడేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పరీక్ష అనే మాట ఎవరి నోట వినబడినా ఆయన చెప్పే సలహా ఒక్కటే: "వచ్చినవి ముందు రాసెయ్యండి అల్లుడుగారూ, రానివి చివర్లో చూసుకోవచ్చు." పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా నన్ను గట్టెక్కించిన సూత్రం కూడా అదే కాబట్టి, 2023లో ప్రాజెక్టు మేనేజర్లకు ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్ పరీక్షకు బయలుదేరిన ఉదయం ఆయన దాన్ని మరోసారి గుర్తుచేసినప్పుడు నేను భక్తిగా తలూపాను. ఆ పరీక్ష కాగితం మీద ఉండదని, వెనక్కి తిప్పడానికి దానికి పేజీలు ఉండవని ఆయనకు తెలియకపోవడంలో తప్పు లేదు. తెలియాల్సింది నాకు.

అప్పటి పద్ధతి ప్రకారం ఆ పరీక్షలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు ఇచ్చేవారు. 60 ప్రశ్నల తర్వాత ఒకసారి, 120 తర్వాత ఒకసారి పది నిమిషాల విరామం ఉండేది, ఆ విరామాలు 230 నిమిషాల లెక్కలోకి వచ్చేవి కావు. సగటున ఒక్కో ప్రశ్నకు 76 సెకన్లు, అరవై ప్రశ్నల భాగానికి 76 నిమిషాల చిల్లర అన్నమాట. ఈ భాగహారం నేను ఇంటి దగ్గరే చేసుకున్నాను. ఒక భాగం ముగించి విరామానికి వెళ్తే ఆ భాగంలోని ప్రశ్నలు మళ్లీ కనబడవన్న నియమాన్ని మాత్రం చదవలేదు. అభ్యాసం కోసం నేను కొనుక్కున్న నమూనా పరీక్షల్లో ఒకటో ప్రశ్న నుంచి నూటఎనభయ్యో ప్రశ్న దాకా ఎటు కావాలంటే అటు తిరిగే స్వేచ్ఛ ఉండేది, ఆ స్వేచ్ఛ అసలు పరీక్షలోనూ ఉంటుందనుకున్నాను. మొదట్లో తెర మీద వచ్చిన సూచనలను బస్సు టికెట్టు వెనక ముద్రించిన షరతుల్లా భావించి, పేజీ తర్వాత పేజీ నొక్కుకుంటూ పోయాను.

పరీక్ష కేంద్రంలో నా జేబులు బయటికి తీయించి, కళ్లజోడును అటూ ఇటూ తిప్పి చూసి, చెరిపి రాసుకునే ప్లాస్టిక్ అట్ట ఒకటి, మార్కరు ఒకటి చేతికిచ్చి లోపల కూర్చోబెట్టారు. తెర మీద ఒక మూల మిగిలిన సమయం తరిగిపోతుంటుంది. ప్రతి ప్రశ్నకూ పైన ఒక చిన్న జెండా బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ ప్రశ్న మళ్లీ చూడాల్సిన వాటి జాబితాలో చేరుతుంది. నా పతనానికి ఆ జెండాయే కారణం.

ఈ పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు ఒక గొడవను వర్ణించి, ప్రాజెక్టు మేనేజరు ముందుగా ఏం చేయాలని అడుగుతాయి. నాలుగు జవాబులూ చదివితే పెళ్లిచూపులకు వచ్చిన నలుగురు అబ్బాయిల్లా ఉంటాయి: అందరూ ఉద్యోగస్థులే, అందరికీ చెడు అలవాట్లు లేవు, కాదనడానికి ఒక్కరిలోనూ కారణం దొరకదు. నేను ఒకదాన్ని ఎంచుకునేవాణ్ణి, వెంటనే మనసు పీకేది, జెండా నొక్కేవాణ్ణి. మూడో ప్రశ్నకు ఒక జెండా, అయిదుకు ఒకటి, ఆరుకు ఒకటి. ఆగస్టు పదిహేనుకు మునిసిపల్ పాఠశాల ఆవరణ ఎలా ఉంటుందో, అరవయ్యో ప్రశ్నకు చేరేసరికి నా జాబితా అలా రెపరెపలాడుతోంది. మొత్తం 26 జెండాలు. వాటిలో 9 ప్రశ్నలకు, తీరిక చూసుకుని తీర్పు చెబుదామనే ఉద్దేశంతో, జవాబే పెట్టలేదు.

ఆ సమయంలో గడియారం 164 నిమిషాలు చూపిస్తోంది, అంటే 66 నిమిషాల్లోనే అరవై ప్రశ్నలూ దాటేశాను. లెక్క ప్రకారం చేతిలో పది నిమిషాల పైచిలుకు మిగులు ఉంది, ఆ తొమ్మిది ఖాళీలను పూడ్చి మరికొన్నింటిని తిరిగి చూడడానికి ఆ పది నిమిషాలు చక్కగా సరిపోయేవి. కానీ మిగులును ఖర్చుపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది, చివరికి పోగుచేసుకుని ఒక్కసారిగా వాడుదామనుకున్నాను. అరవై ప్రశ్నల జాబితా తెర మీదికొచ్చింది, జెండాలన్నీ వరుసగా కనబడ్డాయి, తొమ్మిది చోట్ల జవాబు లేదని కూడా చూపించింది. కింద ఉన్న మీట నొక్కాను. నిజంగానే ఈ భాగాన్ని ముగిస్తారా అని అడిగింది. ఫోనులో ఏ యాప్ ఏది అడిగినా అవునని నొక్కే చెయ్యి నాది, ఇక్కడా అదే జవాబు చెప్పింది.

బయటికొచ్చి లాకరులోంచి అరటిపండు తీసుకుంటూ, పర్యవేక్షకురాలిని యథాలాపంగా అడిగాను: "మేడమ్, జెండా పెట్టినవన్నీ చివర్లో ఒకేసారి చూపిస్తుంది కదా?"

"లేదు సార్, ఆ సెక్షన్ క్లోజ్ అయిపోయింది," అందావిడ, బ్యాంకులో కౌంటరు మూసేశాక వచ్చినవాడితో మాట్లాడే స్వరంతో.

అరటిపండు సగంలో ఆగిపోయింది. ఆ పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. నాలుగింటిలో ఒకటి కళ్లు మూసుకుని గుర్తుపెట్టినా తొమ్మిదింటిలో సగటున రెండు కలిసొచ్చేవి, పైగా ఆ తొమ్మిదింటిలో చాలావాటికి రెండు జవాబులను కొట్టేసి రెండింటి మధ్య ఊగిసలాడుతూ వదిలేశాను కాబట్టి నాలుగైనా తగిలి ఉండేవి. ఖాళీగా వదిలినందుకు దక్కింది సున్న. ఈ లెక్క వేసుకుంటూ బాత్రూములోకి వెళ్లాను, అక్కడ కుళాయి తిప్పుతుండగా ఇరవై మూడో ప్రశ్నకు జవాబు స్పష్టంగా స్ఫురించింది. జ్ఞానోదయానికి చోటూ వేళా ఉండవంటారు, నాకు మాత్రం రెండూ తప్పుగానే కుదిరాయి.

తిరిగి లోపలికి వెళ్లాలంటే మళ్లీ జేబులు, మళ్లీ కళ్లజోడు, మళ్లీ సంతకం. నాకన్నా ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఈ తనిఖీ కూడా ఆ పది నిమిషాల్లోనే ముగియాలన్న సంగతి నేను కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, అప్పటికే గడియారం నా కోసం ఆగకుండా మూడు నిమిషాలు నడిచి 161 దగ్గర ఉంది.

రెండో భాగంలో ఇక జెండా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఏ ప్రశ్నను ఆ ప్రశ్న దగ్గరే తేల్చి, పూర్తిగా తృప్తి పడ్డాకే ముందుకు కదలాలని తీర్మానించుకున్నాను. ఈ పంతం మొదటి తప్పుకన్నా ఖరీదైనదని ఒక లెక్క ప్రశ్న నిరూపించింది. అసలు ప్రశ్నను బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి అదే అచ్చులో నేను పోత పోసినది చెబుతాను. ప్రాజెక్టు మొత్తం బడ్జెట్ 40 లక్షలు, ఇప్పటిదాకా జరిగిన పని విలువ 12 లక్షలు, అందుకైన ఖర్చు 15 లక్షలు, మరి పని పూర్తయ్యేసరికి ఎంతవుతుంది? పన్నెండును పదిహేనుతో భాగిస్తే 0.8, నలభైని దానితో భాగిస్తే 50 లక్షలు. ముప్పై సెకన్ల పని. కానీ జవాబుల్లో 43 లక్షలు కూడా ఉంది. ఆ అధిక ఖర్చు ఒక్కసారి జరిగిన ముచ్చటే అయితే, ఇకపై అంతా అనుకున్న ధరకే నడిస్తే, మిగిలిన 28 లక్షల పనికి ఇప్పటికే పెట్టిన 15 కలిపి 43 అవుతుంది. తేల్చే మాట ప్రశ్నలోనే ఒక మూల ఉంటుంది, ఖర్చు ఇదే తీరులో సాగుతుందా లేదా అని. నేను ఆ మాటను వెతకడం మానేసి, అట్ట మీద రెండు లెక్కలనూ మూడేసి సార్లు చేసి, రెండూ సరిగ్గానే వచ్చాయని ఆరుసార్లు సంతోషించాను. ఏడు నిమిషాలు పోయాయి. అంటే మరో అయిదారు ప్రశ్నల కాలాన్ని ఒక్క ప్రశ్న మింగేసింది, మార్కు ఇచ్చేది మాత్రం ఒక్కదానిదే.

నూట ఇరవయ్యో ప్రశ్న ముగిసేసరికి గడియారంలో 63 నిమిషాలున్నాయి, ఉండాల్సింది 77. పధ్నాలుగు నిమిషాలు వెనకబడ్డానన్న కంగారులో రెండో విరామం వద్దని నొక్కేశాను. విరామానికి పరీక్ష సమయం ఖర్చు కాదన్న సంగతి నాకు తెలుసు, అయినా ఇరవై మూడో ప్రశ్న మళ్లీ ఎదురవుతుందేమోనన్న భయంతో బాత్రూము వైపు వెళ్లాలనిపించలేదు. ఈ త్యాగం ఎంత తెలివితక్కువదో నూట నలభయ్యో ప్రశ్న నుంచి శరీరం గుర్తుచేస్తూనే ఉంది.

గత్యంతరం లేనప్పుడు వచ్చే బుద్ధి ఏదో అప్పుడొచ్చింది. అట్ట చెరిపి నాలుగు అంకెలు రాసుకున్నాను: 120 దగ్గర 63, 140 దగ్గర 43, 160 దగ్గర 23, 180 దగ్గర 3. ప్రశ్నకొక నిమిషం. ప్రతి ప్రశ్నకూ గడియారం చూడకుండా, ఇరవై ప్రశ్నలకోసారి మాత్రం చూశాను. ప్రతిదానికీ ముందు ఏదో ఒక జవాబు పెట్టాను. ఓనమాలే తెలియని ప్రశ్నకు జెండా పెట్టలేదు, ఎందుకంటే నాకు తెలియనిది అరగంట తర్వాత కూడా తెలియదు. రెండింటి మధ్య ఆగి, మరొక్కసారి నిదానంగా చదివితే తేలుతుందనిపించిన వాటికే పెట్టాను. అరవైలో నాలుగే వచ్చాయి. ఆ లెక్కన మొదటి భాగంలో నేను పాతిన 26 జెండాల్లో ఇరవై దాకా ప్రశ్నకు సంబంధించినవి కావు, నా గుండె దడకు సంబంధించినవి. చివరి భాగం రెండు నిమిషాల మిగులుతో ముగిసింది.

ఫలితం మీరు ఊహించిందే. ఇంటికొచ్చాక మామగారు అడిగారు, "రానివి చివర్లో చూసుకున్నారా అల్లుడుగారూ?"

"చివర ఉందండీ, అవే లేవు," అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, సూచనలు చదవలేదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు కూడా జెండా పెట్టి ముందుకు సాగాను.

రెండున్నర నెలల తర్వాత రుసుము మళ్లీ కట్టి అదే కేంద్రంలో కూర్చున్నాను. సూచనలు అక్షరం వదలకుండా చదివాను. అట్ట మీద 153, 77 అని రెండు అంకెలు వేసుకున్నాను. మొదటి అరవై ముగిసేసరికి 161 నిమిషాలున్నాయి, జెండాలు 5, ఖాళీలు లేవు. ఈసారి మిగులును మూటగట్టకుండా అక్కడే ఖర్చుపెట్టి, అయిదింటినీ మళ్లీ చదివాను. నాలుగింటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒక్కదానికి జవాబు మార్చాను. ఆ తర్వాతే అవునని నొక్కి, విరామానికి బయటికొచ్చాను. ఆ పూట పరీక్ష గట్టెక్కిన మాట వాస్తవమే గానీ, నేను మార్చిన ఆ ఒక్కదానికి మొదట పెట్టిన జవాబే సరైనదని, అదే కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుండగా గుర్తొచ్చింది.