థెరపీ గంటలను పర్మిషన్‌గా కాక ఏర్పాటుగా అడగండి

ప్రత్యేక అవసరాలున్న బిడ్డను థెరపీకి తీసుకెళ్లే తల్లిదండ్రులు చాలామంది ప్రతి వారం మేనేజరు దగ్గరకు వెళ్లి ఆ ఒక్క రోజుకు పర్మిషన్ అడుగుతుంటారు. ఈ పద్ధతి మానుకోవాలని గట్టిగా చెబుతాను. స్పీచ్ థెరపీ అయినా, ఆక్యుపేషనల్ థెరపీ అయినా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, వారంలో అదే రోజు, అదే వేళకు సాగుతుంది. విడివిడిగా అడిగే పర్మిషన్ పై అధికారికి ప్రతిసారీ కొత్త మినహాయింపులాగే కనిపిస్తుంది. పని ఒత్తిడి పెరిగిన వారంలో ముందుగా రద్దయ్యేదీ అదే. నాలుగు సార్లు వెళ్లలేకపోతే, బడి వదిలాక దొరికిన ఆ వేళ ఎదురుచూస్తున్న మరో బిడ్డకు వెళ్లిపోవచ్చు.

అడిగే ముందు సమయాన్ని నిజాయితీగా లెక్కవేసుకోవాలి. నా సహోద్యోగి ఒకామె, సెషన్ 45 నిమిషాలే కదా అని గంట అడిగారు. బిడ్డను బడి నుంచి తీసుకెళ్లి, సెషన్ చివర ఇంట్లో చేయించాల్సిన సాధన గురించి థెరపిస్టు చెప్పేది విని, బిడ్డను ఇంట్లో దింపి తిరిగి వచ్చేసరికి రెండు గంటలు పట్టేది. అనుమతి పొందినదానికంటే ఎక్కువ సమయం తీసుకుంటున్నారన్న మాట అనవసరంగా వచ్చింది. తర్వాత ఆమె మంగళ, గురువారాల్లో 3 నుంచి 5 వరకు కావాలని, ఆ నాలుగు గంటలకు బదులు సోమవారం నుంచి గురువారం వరకు 9కి కాక 8కే వస్తానని, ఆ వేళల్లో అత్యవసరమైన పని ఎవరు చూస్తారో కూడా చెబుతూ మెయిల్ రాశారు. మూడు నెలలు నడిపి సమీక్షిద్దామన్నారు. దానికి అంగీకారం దొరికింది.

మెయిల్‌కు జతచేసే థెరపిస్టు లేఖలో వారానికి ఎన్నిసార్లు, ఏ వేళకు, సుమారు ఎంతకాలం అన్నది ఉంటే చాలు. బిడ్డ నిర్ధారణ వివరాలు, అసెస్‌మెంట్ రిపోర్టులు అడగకముందే జతచేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు. ఆ కాగితాలు ఎవరెవరి చేతుల్లోకి వెళతాయో మన అదుపులో ఉండదు, అవి ఆ బిడ్డ సొంత విషయాలు.

అంగీకారం నోటిమాటగా మిగిలితే మేనేజరు మారిన రోజున అది చెల్లదు. హెచ్ఆర్‌కు కూడా ఒక కాపీ వెళ్లేలా రాతపూర్వకంగా తీసుకోవాలి. మొదటి నెలాఖరున సెలవుల ఖాతా తప్పక చూసుకోండి. రెండు గంటలను సగం రోజు సెలవుగా నమోదు చేస్తే, వారానికి రెండు సెషన్లకు ఒక పూర్తి సెలవు ఖర్చవుతుంది. మూడు నెలల్లో 13 సెలవులు పోతాయి, బిడ్డకు జ్వరం వచ్చిన రోజుకు ఏమీ మిగలదు.

షిఫ్టుల్లో పనిచేసేవారికి ముందుగా వచ్చి గంటలు పూడ్చడం కుదరకపోవచ్చు. అలాంటివారు గంటలకు బదులు ఆ రెండు రోజుల్లో ఉదయం షిఫ్టే స్థిరంగా ఇవ్వమని అడగడం మేలు.