సీల్ మార్చే ముందు పాత సీల్ ముఖం చూడండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పంపుల మరమ్మతు పనిలో నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో నన్ను అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒక్కటే: "మెకానికల్ సీల్ వేయించమంటారా, గ్లాండ్ తాడే ఉంచమంటారా?" షాఫ్ట్ పంపులోంచి బయటికి వచ్చే చోట నీటిని అదుపులో ఉంచేవే ఈ రెండూ. ఈ ప్రశ్న అడిగేవారి దగ్గర దాదాపు ప్రతిసారీ షాఫ్ట్ దగ్గర నీరు కారుతున్న పంపు ఒకటి ఉంటుంది. తాడు ఉన్నవారు విసిగి సీల్‌కు వెళ్దామంటారు, సీల్ ఉన్నవారు విసిగి తాడుకు వెనక్కి వెళ్దామంటారు. ఎందుకు కారుతోందో తేల్చుకోకుండా ఏది ఎంచుకున్నా మళ్ళీ కారుతుందని చెబితే, ఏదో దాటవేస్తున్నానని అనుకుంటారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

గ్లాండ్ తాడు, అంటే గ్లాండ్ ప్యాకింగ్, అసలు కారడానికే ఉన్నది. షాఫ్ట్ మీద తొడుగులా ఉండే స్లీవ్ చుట్టూ నాలుగైదు తాడు చుట్లు పెట్టి, నట్లతో బిగించే గ్లాండ్‌తో నొక్కి పెడతాం. స్లీవ్ తిరుగుతూ తాడును రాసుకుంటున్నప్పుడు పుట్టే వేడిని తీసుకుపోయేది ఆ సందులోంచి బయటికి వచ్చే నీరే. మామూలు నీళ్ళ పంపుకు నిమిషానికి 40 నుంచి 60 చుక్కల దాకా పడుతుంటే ఆ గ్లాండ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ చుక్కలను కూడా ఆపాలని నట్లు బిగించిన రోజున తాడు మాడి గట్టిపడుతుంది, గట్టిపడిన తాడు స్లీవ్‌ను గాడిలా కోస్తుంది, ఆ గాడి పడ్డాక ఎంత కొత్త తాడు వేసినా నీరు ధారగా వస్తుంది. అప్పుడు ఇంకా బిగిస్తారు.

మెకానికల్ సీల్ పనితీరు వేరు. షాఫ్ట్‌తో పాటు తిరిగే రింగు ఒకటి, కదలకుండా ఉండే రింగు ఒకటి, రెండూ అద్దంలా నునుపు చేసిన ముఖాలతో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వెనకనుంచి స్ప్రింగు నొక్కుతుంటుంది. ఆ ముఖాల మధ్య నిలిచే నీటి పొర మందం సుమారు ఒక మైక్రాన్. తల వెంట్రుక దానికి యాభై రెట్లకు పైగా లావుంటుంది. అంత పలుచని పొర చెదరకుండా ఉండాలంటే షాఫ్ట్ వంకర లేకుండా, ఊగకుండా తిరగాలి. తాడు మెత్తనిది కనుక షాఫ్ట్ కాస్త ఊగినా సర్దుకుపోతుంది, ఇంకో పది చుక్కలు ఎక్కువ వదులుతుంది అంతే. సీల్ అలా సర్దుకుపోలేదు. పంపులో ఎప్పటినుంచో ఉన్న జబ్బును తాడు కప్పి ఉంచితే, సీల్ వేసిన నెలలోనే ఆ జబ్బు బయటపడుతుంది. జనం మాత్రం దాన్ని సీల్ నాణ్యత లోపం అనుకుంటారు.

ఈ మాట ఊరికే అనడం లేదు. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కండెన్సర్ మీదికి నీళ్ళు తిప్పే 15 హెచ్.పీ. పంపు ఉంది, 1450 ఆర్.పి.ఎం. మోటారుతో నడుస్తుంది. ఎన్నో ఏళ్ళు గ్లాండ్ తాడుతో నడిపి, ఆ చుక్కల తడికి బేస్ తుప్పు పడుతోందని సీల్ వేయించారు. ఆ తర్వాత ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు లోపు మూడు సీళ్ళు పోయాయి. ఒక్కోటి నాలుగు వేల రూపాయల పైమాట. మొదట సీల్ కంపెనీ మార్చారు, తర్వాత కార్బన్‌కు ఎదురుగా ఉండే సిరామిక్ ముఖం బదులు ఖరీదైన సిలికాన్ కార్బైడ్ ముఖం ఉన్నది వేశారు. నన్ను పిలిచేసరికి యజమాని ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు.

"తాడు ఉన్నప్పుడు ఇన్ని తిప్పలు లేవండీ. మళ్ళీ తాడే వేసేయండి."

"వేస్తానండీ. ఒక్క రోజు నాకివ్వండి, ఇది ఎందుకు పోతోందో చూసి అప్పుడు వేస్తాను. పాత సీళ్ళు ఉన్నాయా?"

రెండు సీళ్ళు చెత్తలో కలిసిపోయాయి. మూడోది మాత్రం ఇంకా పంపులోనే ఉంది. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఈ అలవాటే. పోయిన సీల్ ముఖం మీద అది ఎందుకు పోయిందో ఉంటుంది. ముఖం మీద పుట్టగొడుగు అడుగున గీతల్లా మధ్యనుంచి బయటికి సన్నని పగుళ్ళు ఉంటే అది నీళ్ళు లేకుండా తిరిగి వేడెక్కినట్టు. కార్బన్ మీద గ్రామఫోన్ రికార్డులా లోతైన గాళ్ళుంటే నీటిలో ఇసుక ఉన్నట్టు. రింగు వెనక తెల్లని సున్నం పేరుకుని స్ప్రింగు పట్టేసి ఉంటే అది బోరు నీటి కాఠిన్యం పని. కార్బన్ అరిగేకొద్దీ రింగు ముందుకు జరగాలి, సున్నం దాన్ని జరగనివ్వదు.

ఆ రోజు విప్పిన సీల్‌లో ఇవేవీ లేవు. కదలని గట్టి రింగు మీద, తిరిగే కార్బన్ అంచు రాసుకున్న మచ్చ ఉంటుంది కదా, అది కార్బన్ అంచు వెడల్పుకు సరిపోవాలి. ఇక్కడ అంచు 4 మిల్లీమీటర్లుంటే మచ్చ దాదాపు 5 ఉంది. తిరిగే రింగు ఒక దారిలో తిరగకుండా పక్కకు తూలుతూ తిరిగిందన్నమాట. పైగా సీల్ లోపలి ఓ-రింగు కూర్చునే చోట స్లీవ్ మీద వేలి గోటికి తగిలేంత సన్నని గాడి పడింది. షాఫ్ట్ తూలిన ప్రతి చుట్టుకూ ఓ-రింగు అక్కడ అటూ ఇటూ రాసుకోవడం వల్ల పడే గాడి అది. గత రెండుసార్లూ కొత్త సీల్‌ను ఆ గాడి మీదే ఎక్కించారు. అంటే ముఖాలు ఎంత ఖరీదైనవైనా నీరు స్లీవ్ వెంట, ఓ-రింగు కింద నుంచి రావడానికి దారి అప్పటికే సిద్ధంగా ఉంది.

షాఫ్ట్ వంగిందేమోనని ముందు డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పి చూశాను. ముల్లు 0.03 మిల్లీమీటర్లు కదిలింది. 0.05 లోపల ఉంటే ఇలాంటి సీల్‌కు ఇబ్బంది లేదు, కాబట్టి షాఫ్ట్ వంగలేదు. తర్వాత షాఫ్ట్‌ను సీల్ ఉండే చోట పైకెత్తి, కిందికి నొక్కి చూస్తే 0.18 కదిలింది. బేరింగులు పోయాయి. ఇక్కడితో ఆగి బేరింగులు మార్చి బిల్లు రాసి ఉండవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అయితే ఆ బేరింగులు వేసి ఏడాదిన్నర కూడా కాలేదని ఆపరేటర్ చెప్పాడు. నీళ్ళ పంపులో, గ్రీజు సరిగ్గా ఉన్న బేరింగు అంత త్వరగా పోకూడదు.

అందుకని డయల్‌ను మోటారునూ పంపునూ కలిపే కప్లింగ్ మీద, పంపు వైపు సగానికి ఆనించి, సక్షన్ ఫ్లాంజ్ బోల్టులు ఒక్కొక్కటిగా వదులు చేయించాను. బోల్టులు విప్పినా, బిగించినా ఆ ముల్లు 0.05 మించి కదలకూడదు. ఇక్కడ 0.35 కదిలింది. చివరి బోల్టు తీసేసరికి పైపు కిందికి జారి, పంపు ఫ్లాంజ్ కంటే 6 మిల్లీమీటర్లు దిగువన ఆగింది. పైపు బరువంతా ఇన్నాళ్ళూ పంపు మెడకు వేలాడుతోంది.

పైపు కింద దిమ్మ లేదా అంటే ఉంది. పంపు గది ఫౌండేషన్‌కు బయట, నేల మీద విడిగా కట్టిన చిన్న సిమెంటు దిమ్మ అది. ఆ నేల నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి కుంగుతుంది. పంపు మాత్రం లోతైన ఫౌండేషన్ మీద కదలకుండా ఉంది. మార్చి వచ్చేసరికి దిమ్మ కుంగి, పైపుకూ దిమ్మకూ మధ్య వేలు పట్టే సందు కనిపిస్తోంది. 100 మిల్లీమీటర్ల ఇనప పైపు నీళ్ళతో నిండితే మీటరుకు సుమారు 20 కిలోలుంటుంది. నాలుగు మీటర్ల పైపు, దాని మీద ఒక వాల్వు, ఈ బరువుకు పంపు బాడీ మెలిపడి కప్లింగ్ అలైన్‌మెంటు తప్పింది, దాంతో బేరింగులు అరిగాయి, షాఫ్ట్ తూలింది. మిర్చి లోడు నిండి పంపు పగలూ రాత్రీ నడిచేది కూడా ఆ నెలల్లోనే. ఏటా ఎండాకాలంలో గ్లాండ్ ఎక్కువ కారేదని, వానలు పడ్డాక తగ్గేదని ఆపరేటర్ అప్పుడు గుర్తు చేసుకున్నాడు. అతను పాపం ఏటా బిగిస్తూ వచ్చాడు.

రబ్బరు బెల్లోస్ ఒకటి మధ్యలో పెడితే సరిపోదా అని యజమాని అడిగారు. బెల్లోస్ స్వల్పమైన కదలికను మింగుతుంది గానీ బరువును మోయదు. ఆధారం లేని పైపుకు బెల్లోస్ పెడితే ముందు అదే సాగి చిరుగుతుంది. కాబట్టి పంపు ఫౌండేషన్ నుంచే ఒక ఇనప బ్రాకెట్ తెచ్చి, ఎత్తు సరిచేసుకునేలా స్క్రూ పెట్టి, పైపును దాని మీద నిలిపాం. ఫ్లాంజ్ బోల్టులు చేత్తో రంధ్రాల్లోకి సులువుగా దిగేలా పైపు కుదిరాకే బిగించాం. కొత్త బేరింగులు, కొత్త స్లీవ్, దాని మీద యజమాని దగ్గర మిగిలి ఉన్న మామూలు కార్బన్, సిరామిక్ సీల్ వేశాం. పద్నాలుగు నెలలైంది, మధ్యలో ఇంకో ఎండాకాలం కూడా గడిచింది, ఆ సీల్ దగ్గర నేల పొడిగానే ఉంది.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? పైన చెప్పిన పంపుకు శుభ్రమైన నీరు, ఎప్పుడూ నిండి ఉండే సంపు, సంపు మట్టానికి దిగువన పంపు ఉన్నాయి. షాఫ్ట్ సరిగా ఉంటే అక్కడ సీలే సరైనది. కానీ కృష్ణా కాలువ నుంచి పొలాలకు నీరు తోడే పంపుకు నేను సీల్ వేయమని చెప్పను. వరద నెలల్లో ఆ నీరు ఎర్రటి బురదగా వస్తుంది, ఆ ఒండ్రు సీల్ ముఖాల మధ్య చేరితే కార్బన్ నిలవదు. పైగా ఫుట్ వాల్వు దగ్గర చెత్త అడ్డుపడి నీరు జారిపోయి పంపు ఖాళీగా తిరగడం అక్కడ మామూలే. అలా తిరిగితే సీల్ ఒకటి రెండు నిమిషాల్లో కాలిపోవచ్చు, తాడు అయితే కాస్త ఎక్కువ సేపు ఓర్చుకుంటుంది, పోయినా ఊళ్ళో మనిషే గంటలో మార్చుకోగలడు. అలాంటి చోట తాడు వేసి, చుట్ల మధ్య నీరు పారేలా రంధ్రాలున్న లాంటర్న్ రింగు పెట్టి, దాంట్లోకి తాడు కూర్చునే స్టఫింగ్ బాక్సులోని ఒత్తిడి కంటే కాస్త ఎక్కువ ఒత్తిడితో శుభ్రమైన నీరు అందిస్తే బురద స్లీవ్ దాకా రాదు.

తాడు మార్చేటప్పుడు పాత చుట్లన్నీ అడుగుదాకా తీయండి, పైన రెండు కొత్తవి వేసి వదిలేయడం పనికిరాదు. ముక్కల అతుకులు ఒకే వరసలో రాకుండా పావు చుట్టు జరుపుతూ పెట్టండి. నట్లు చేత్తో మాత్రమే బిగించి పంపు ఆన్ చేయండి, నీరు ధారగా వచ్చినా కంగారు పడకండి. పది పదిహేను నిమిషాలకోసారి నట్టును ఒక పలక మేరకే, రెండు వైపులా సమానంగా బిగిస్తూ, చుక్కలుగా పడే దాకా తెచ్చి అక్కడ ఆపండి.

సీల్ పోయినవారు నన్ను ఏ కంపెనీది కొనాలని అడిగే ముందు పాతదాన్ని తుడవకుండా ఒక కవరులో పెట్టి ఉంచండి. రెండు రింగుల ముఖాలు, ఓ-రింగు కూర్చున్న చోట స్లీవ్, పైపు కింద ఆధారం, ఈ నాలుగింటి ఫొటోలు పగటి వెలుతురులో దగ్గరగా తీసి పంపండి, చూసి జవాబు రాస్తాను.