"ఏమీ లేదులే" అన్న తరువాత

మన తెలుగు సంఘం జరిపిన ఈ ఉగాది సంబరాల్లో భోజనాల వరుస దగ్గర నేను చేసిన ఒక పొరపాటు ఇప్పటికీ మనసును వదలడం లేదు. పులిహోర వడ్డించే వంతు నాది. కొడుకు దగ్గర కొన్ని నెలలు ఉండడానికి గుంటూరు నుంచి ఈ దేశానికి వచ్చిన ఒక పెద్దావిడ పళ్ళెంతో నా ముందు ఆగి, "అమ్మాయ్, నువ్వు ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నావు కదా, మరి ఇక్కడ..." అని, వెనక నిలబడినవాళ్ళను ఒకసారి చూసి, "ఏమీ లేదులే తల్లీ" అన్నారు.

నేను ఊరుకోలేదు. "చెప్పండి పిన్నిగారూ, మనలో మనకు మొహమాటమేమిటి?" అని మూడు సార్లు అడిగాను. పెరుగన్నం వడ్డిస్తున్నావిడ కూడా గొంతు కలిపారు. అది విని నాలుగడుగుల వెనక ఉన్న కొడుకు "ఏమైందమ్మా?" అంటూ ముందుకు వచ్చాడు. "మంచినీళ్ళు ఎక్కడున్నాయో అడుగుదామని" అన్నారావిడ. నీళ్ళ సీసాలు ఆవిడ మోచేతి పక్కనే ఉన్నాయి.

నేను చెడ్డ ఉద్దేశంతో అడగలేదు. వద్దన్నవారికి కొసరి కొసరి వడ్డించే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. రెండు సార్లు వద్దని మూడోసారి విస్తరి మీద అడ్డుపెట్టిన చెయ్యి తీయడం మన మర్యాద. ఆ చెయ్యి తీసేదాకా గరిటె పట్టుకుని నిలబడడం మన ఆప్యాయత. ఆ అలవాటును నేను ఈ దేశంలోనూ ప్రాణంగా చూసుకుంటాను. కానీ అన్నం విషయంలో వద్దనే మాటకు తరచుగా "ఇంకొంచెం బతిమాలు" అనే అర్థం ఉంటుంది. నలుగురిలో ఆగిపోయిన ప్రశ్నకు ఆ అర్థం ఉండదు. అక్కడ బతిమాలితే ఎదుటివారికి మిగిలే దారి అబద్ధం ఒక్కటే.

ఆవిడ "ఏమీ లేదు" అని తేల్చి చెప్పలేదు, "ఏమీ లేదులే" అన్నారు. ఆ "లే"లో ఇప్పటికి వదిలేయమనే వేడుకోలు ఉంది, విషయం మాత్రం ఉందనే ఒప్పుకోలూ ఉంది. దానికి తగిన జవాబు ఆ రెండింటినీ మన్నించాలి. "సరే, మీ ఇష్టం" అంటే మన భాషలో అలిగినట్టే ఉంటుంది. ఉత్త "సరే" అని మరొకరి వైపు తిరిగితే పీడ వదిలిందన్నట్టు ఉంటుంది. నేను అనవలసింది ఇది: "సరేనండి పిన్నిగారూ. భోజనాలయ్యేదాకా ఇక్కడే ఉంటాను, గుర్తొస్తే చెప్పండి." "గుర్తొస్తే" అనడంలో ఆవిడ మరిచిపోయినట్టు ఉండిపోయే వీలుంది, ఎప్పుడు, ఎక్కడ దొరుకుతానో కూడా తెలుస్తుంది. ఆ మాట అన్నాక చూపు ఆవిడ ముఖం మీది నుంచి తీసి పులిహోర మీద పెట్టాలి.

మూడు వారాల తరువాత వారింటికి వెళ్ళినప్పుడు ఆవిడ గోంగూర ఒలుస్తున్నారు. నేనూ పక్కన కూర్చుని ఒక కట్ట విప్పాను. కాసేపయ్యాక, "ఆ రోజు నన్నేదో అడగబోయారు. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోయినా ఫరవాలేదు" అని ఒక్కసారే అని, ఆకు ఒలుచుకుంటూ ఉండిపోయాను. కట్ట సగమయ్యేదాకా ఆవిడ మాట్లాడలేదు. తరువాత చెప్పారు. ఐదు నెలలకు సరిపడా బీపీ మాత్రలు తెచ్చుకుంటే తిరుగు ప్రయాణం నెల వాయిదా పడిందట. కొడుకు ఉద్యోగం ఊగిసలాటలో ఉన్నందువల్ల ఖర్చు పెట్టించడం ఇష్టంలేక, ఉగాదికి ముందు నుంచే రోజూ మాత్రను విరిచి సగమే వేసుకుంటున్నారు. గుంటూరు డాక్టరు రాసిన చీటీకి ఇక్కడి మందుల దుకాణంలో మందులు ఇస్తారా అని ఆ రోజు అడగబోయారు. ఇవ్వరు, ఇక్కడి డాక్టరు రాయాలి. ఆ వారమే క్లినిక్‌కు వెళ్ళి రాయించుకున్నాము. కొడుకుకు ఆవిడే చెప్పుకున్నారు.

వదిలేసి ఉంటే ప్రమాదం కాదా అని అడగవచ్చు. ఆయాసపడుతున్నా, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నా, అడగబోయింది చిన్నపిల్లలైనా, పక్కకు తీసుకువెళ్ళి సూటిగా అడగవలసిందే. కానీ ఆవిడ సగం మాత్రతో గడిపిన ఆ మూడు వారాలు నేను వదిలేసినందువల్ల కలిగినవి కావు, పట్టుపట్టినందువల్ల కలిగినవి. తిరిగి అడగడానికి మూడు వారాలు తీసుకోవడం నా రెండో తప్పు. మర్నాడే ఫోన్ చేయవలసింది.

రాబోయే దీపావళి వేడుకకు కార్యవర్గాన్ని ఒకటే కోరుతున్నాను. మైకుకూ భోజనాల వరుసకూ దూరంగా, కాఫీ బల్ల పక్కన రెండు కుర్చీలు వేయించండి. తాంబూలం సంచులు కట్టే పని అక్కడ పెట్టి, ఇక్కడ చాలా కాలంగా ఉంటున్న ఒకరిని కూర్చోబెట్టండి. చేతుల్లో పని ఉంటుంది, ఎదురెదురుగా ముఖం చూడవలసిన పని ఉండదు, ఎవరైనా వచ్చి రెండు సంచులు కట్టి ఏమీ అడగకుండా లేచిపోవచ్చు. మొదటి గంట నేను కూర్చుంటాను.