బరువు తగ్గకుండా పొట్ట తగ్గించుకోవడం

సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన కుర్రాళ్లకు మన ఇళ్లలో రెండే సలహాలు దొరుకుతాయి. అమ్మలు "బాగా తిను" అంటారు, స్నేహితులు "రాత్రి తిండి మానెయ్" అంటారు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఎక్కువ తింటే ఇలాంటి ఒంట్లో పెరిగేది ముందు నడుమే. తిండి మానేస్తే కొవ్వుతోపాటు ఉన్న కాస్త కండా పోతుంది.

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి వచ్చింది. ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

అనంతపురంలో ఉండి బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పనిచేసే మా అక్క కొడుకుదీ సరిగ్గా అదే బీఎంఐ. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, బొడ్డు దగ్గర చుట్టుకొలత 92. మన దేశపు మగవాళ్లకు 90 దాటితేనే జాగ్రత్తపడమంటారు. వాడు జిమ్‌లో చేరితే అక్క నాకు ఫోన్ చేసి "పిల్లోడు పుల్ల మాదిరుండాడు, తిండి తగ్గించమంటావేందిరా" అని తగులుకుంది. తగ్గించమని నేను అనలేదు. ఎంత తింటున్నాడో అంతే తిని, తినేవాటిని మార్చమన్నాను.

ముందు రెండు వారాలు మామూలుగానే తింటూ రోజూ పొద్దున్నే బరువు చూసుకున్నాడు. సగటు కదల్లేదు. అంటే ఆ తిండి వాడి ఒంటికి సరిపోతోంది, మిగలడం లేదు. రాసి చూస్తే సుమారు 2,150 కేలరీలు, ప్రొటీన్ మాత్రం 50 గ్రాములే. బరువులెత్తేవాడికి కిలోకు 1.6 గ్రాముల చొప్పున 105 దాకా కావాలి.

మూడు గుడ్లు 18 గ్రాములు, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్ 26, పెద్ద గ్లాసు పాలు 8. ముందున్న 50కి ఇవి కలిపితే మొత్తం 102కు చేరింది. చికెన్ వండిన రోజు మీల్‌మేకర్ అక్కర్లేదు. వీటితో వచ్చే ఐదొందల పైచిలుకు కేలరీలకు చోటివ్వాలి కాబట్టి ఉగ్గానిలోకి బజ్జీలు, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి రెండో గరిటె అన్నం పోయాయి. ఉగ్గాని ఉంది, పప్పూ ఉంది. శెనక్కాయలు తింటే ప్రొటీన్ వస్తుంది కదా అంటారు మావాళ్లు. వస్తుంది, కానీ వంద గ్రాముల్లో ప్రొటీన్ 25 గ్రాములైతే కేలరీలు 560 పైన. మా జిల్లా పంటను తక్కువ చేసి మాట్లాడుతున్నానని ఎవరూ నొచ్చుకోకండి.

మిగులు తిండి లేకుండా కండ ఎలా పెరుగుతుందని అడుగుతారు. కండకు కావాల్సిన సరుకు ప్రొటీన్ ఇస్తుంది, శక్తిలో కొంత నిల్వ ఉన్న కొవ్వు నుంచి వస్తుంది. ఎప్పుడూ బరువు ఎత్తని కండ మొదటిసారి ఎత్తితే తొందరగా స్పందిస్తుంది. అందుకే ఈ పద్ధతి కొత్తవాళ్లకే బాగా పనిచేస్తుంది.

వారానికి మూడు రోజులు స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, ఒక్కోటి మూడు సెట్లు. సెట్టుకు ఎనిమిది సార్లతో మొదలుపెట్టి, మూడు సెట్లలోనూ పన్నెండు సార్లు ఎత్తగలిగాకే బరువు రెండున్నర కిలోలు పెంచాలి. ప్రతి సెట్లో ఇంకా రెండుసార్లు చేయగలను అనిపించినప్పుడు ఆపాలి. ఇదంతా నోట్‌బుక్‌లో రాయకపోతే దండగ.

మూడో వారంలో వాడికి టెన్షన్ మొదలైంది. "మామా, తగ్గల్యా, పైగా కిలో పెరిగినా" అన్నాడు. కొత్తగా పనిచేస్తున్న కండ తన శక్తి నిల్వ అయిన గ్లైకోజెన్‌నూ, దాంతోపాటు నీళ్లనూ పట్టుకుంటుంది. అది కొవ్వు కాదు. జిమ్‌లోని కొవ్వు శాతం మెషీన్ కూడా ఒంట్లోని నీటిని బట్టి మాట మారుస్తుంది, దాన్ని నమ్మి డబ్బు కట్టొద్దు. పొద్దున్నే పరగడుపున, ఊపిరి మామూలుగా వదిలాక, బొడ్డు మీదుగా టేపు పెట్టి వారానికోసారి కొలుచుకుంటే చాలు.

నాలుగు నెలలకు బరువు 65.4, నడుము 87. ముప్పై కిలోలతో మొదలైన స్క్వాట్ 55కు వచ్చింది. కాటా మీద అరకిలో తేడా చూసి అక్క "ఇంత కష్టపడి ఇంతేనా" అంది. ప్యాంట్లు మాత్రం ఆమే టైలర్‌కు ఇచ్చింది.

నడుమూ బరువూ రెండూ పెరుగుతుంటే తిండి మిగులుతోందని అర్థం, రోజుకు 200 కేలరీలు తగ్గించాలి. ఆరు వారాలైనా నడుమూ కదలక, ఎత్తే బరువూ పెరగకపోతే ముందు ప్రొటీన్, నిద్ర చూసుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. షుగర్ మందులు వాడేవాళ్లు కూడా తిండి, వ్యాయామం మార్చే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఏడాది గడిచేసరికి చాలామందికి ఈ వేగం మందగిస్తుంది. అప్పటికీ పొట్ట ఉంటే కొన్నాళ్లు తిండి కాస్త తగ్గించాలి, పొట్ట పోయి ఉంటే కాస్త పెంచాలి. అక్క చెప్పే "బాగా తిను" చెల్లేది అప్పుడే.