ఒక్క 'ప్రతి' జారిపోతే ఎన్ని మార్కులు?

మందు పెట్టెలో మడతలు పెట్టి ఉండే కాగితాన్ని తెలుగులోకి అనువదించారనుకుందాం. ప్రతి ఆరు గంటలకు ఒక మాత్ర వేసుకోవాలని ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులో 'ఆరు గంటలకు ఒక మాత్ర వేసుకోవాలి' అని వచ్చింది. వాక్యం నున్నగా ఉంది, వంక పెట్టడానికి ఏమీ కనిపించదు. కానీ చదివినవారు గడియారం చూసి ఆరింటికి మాత్ర వేసుకుంటారు. రోజుకు నాలుగు పడాల్సిన చోట ఒకటో రెండో పడతాయి.

దీనికి ఎన్ని మార్కులు తగ్గించాలి? అనువాద సంస్థలు ఈ సంగతిని దోషాల పట్టికతో తేలుస్తాయి. ఎంక్యూఎం అనే చట్రం ఇందులో బాగా పేరున్నది. తప్పు దొరకగానే ముందు దాని రకం రాయాలి: అర్థం మారిందా, భాష తడబడిందా, పరిభాష తప్పిందా, శైలి కుదరలేదా అని. తర్వాత తీవ్రత. స్వల్ప దోషానికి 1, పెద్దదానికి 5, అతి తీవ్రమైనదానికి 25 అన్నది వాడుకలో ఉన్న ఒక లెక్క. మొత్తాన్ని మాటల సంఖ్యతో భాగించి, వందతో గుణించి, 100 నుంచి తీసేస్తే స్కోరు వస్తుంది.

ఆ కాగితంలో 500 మాటలున్నాయనుకోండి. పై తప్పు ఒక్కటే ఉంటే, అది అతి తీవ్రం కాబట్టి 25 పోయి స్కోరు 95. అదే కాగితాన్ని ఇంకొకరు అర్థం ఎక్కడా చెడకుండా అనువదించి, కామాల్లో, ఖాళీల్లో 30 చోట్ల పొరబడితే స్కోరు 94. ఉత్తీర్ణతకు 95 చాలంటే, రోగిని దారి తప్పించే అనువాదం గట్టెక్కుతుంది, కామాలు తప్పిన అనువాదం వెనక్కి వస్తుంది! అందుకే అతి తీవ్ర దోషం ఒక్కటున్నా స్కోరుతో పని లేకుండా తిరస్కరించాలన్న నియమం పెట్టుకుంటారు. అది లేని పట్టికను వైద్య పత్రాలకు వాడకూడదని నా అభిప్రాయం.

నియమం ఉన్నా పరిశీలకుడి చూపు సరిగ్గా ఉండాలి. 'ప్రతి' అనే చిన్న మాటే కదా పోయిందని స్వల్పం కింద వేస్తే 25 కాస్తా 1 అవుతుంది. తీవ్రతను కొలవాల్సింది పోయిన మాట పొడవుతో కాదు, చదివినవారు ఏం చేస్తారన్న దానితో. 'వైద్యునిచే సూచించబడిన మోతాదు' అన్న చోట మాత్రం చాలామందికి ఒళ్లు మండుతుంది (నాకూ మండుతుంది), వెంటనే 5 వేసేస్తారు. అర్థం చేరింది కాబట్టి అది 1 దాటకూడదు. ముందుగా శైలి నియమావళి ఇవ్వకపోతే శైలి గడిలో పడేది పరిశీలకుడి అభిరుచే.

భాగహారంలో ఇంకో చిక్కుంది. తెలుగు మాటలు అతుక్కుంటాయి: 'వేసుకోకూడదనుకుంటే' అన్నది లెక్కకు ఒక్క మాటే. 500 ఇంగ్లిష్ మాటలు తెలుగులో 350 అయ్యాయనుకుందాం. మూడు పెద్ద దోషాలు, మూడు స్వల్ప దోషాలు కలిపి 18. మూలం మాటలతో భాగిస్తే స్కోరు 96.4, తెలుగు మాటలతో భాగిస్తే 94.9. అవే తప్పులు, అదే 95 గీటు, ఫలితం మాత్రం తారుమారు. బిల్లు ఏ మాటల మీద కడతారని అనువాదకులు ముందే అడుగుతారు. స్కోరు ఏ మాటల మీద కడతారన్నదీ అప్పుడే అడిగి రాయించుకోవాలి.