ముక్కు నేరుగా చూపిస్తే ఫుల్ రేటు, తల చుట్టూ తిప్పి చూపిస్తే డిస్కౌంట్

బెజవాడ వాళ్ళకి కిలోమీటర్ అంటే భక్తి అండీ. జంక్షన్ కూతలు వింటూ పెరిగినవాళ్ళం, ఎంత దూరం పోతే అంత డబ్బు అనేది మనకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. రైల్వే వాడు కూడా ధర్మాత్ముడే, దూరం పెరిగే కొద్దీ కిలోమీటర్ రేటు కాస్త తగ్గిస్తాడు, టెలిస్కోపిక్ ఫేర్ అంటారు దాన్ని, కానీ మొత్తం మీద మద్రాసు టికెట్ ఒంగోలు టికెట్ కంటే తక్కువ అని ఏనాడూ అనలేదు, అంటే అదే రోజు స్టేషన్ ముందు ధర్నా అయ్యేది.

ఇంత నిష్ఠలో బతికినవాళ్ళని తీసుకెళ్ళి విమానం టికెట్ల సైట్ ముందు కూర్చోబెడితే ఏమవుతుందో మా గుంటూరు బాబాయిని చూస్తే తెలుస్తుంది. అరండల్‌పేటలో ఇల్లు, రిటైరైన లెక్కల మాస్టారు, కూతురు లండన్‌లో. హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా వెళ్ళే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం పది గంటల పైచిల్లరలో దింపేస్తుంది, దానికి ఎక్కువ రేటు. దోహాలో దించి, కూర్చోబెట్టి, మళ్ళీ ఇంకో విమానం ఎక్కించి తీసుకెళ్ళేదానికి తక్కువ రేటు. బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "రెండు విమానాలు ఎక్కించి, రెండు సార్లు భోజనం పెట్టి, తక్కువ తీసుకునేవాడు ఎవడ్రా, పెళ్ళివారా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత ఈ వ్యాసం తీసుకుంటోంది. విమాన కంపెనీల తరఫున వాదించడానికి కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఇంతవరకు ఒక్క వకీలు కూడా ముందుకి రాలేదు కాబట్టి ఆ కేసు నేనే వేసుకుంటున్నా, ఫీజు లేదు.

ముందు బాబాయ్ లెక్క కరెక్టే అని ఒప్పుకుందాం. తిప్పి తీసుకెళ్తే కంపెనీకి ఖర్చు ఎక్కువే. రెండు సార్లు పైకి లేవాలి, రెండు సార్లు దిగాలి, మధ్యలో ఇంకో ఎయిర్‌పోర్ట్ చార్జీలు, సామాను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చాలి, అక్కడ మన పచ్చళ్ళ డబ్బాలు తట్టుకోవాలి. దూరం మాత్రం మరీ ఎక్కువేం పెరగదు, నేరుగా అయితే దాదాపు 7,700 కిలోమీటర్లు, దోహా మీదుగా అయితే ఓ 8,100. పెరిగేది టైము. గాలిలోనే పదకొండు పన్నెండు గంటలు, మధ్యలో ఆగేది రెండు గంటలా ఎనిమిది గంటలా అన్నది మీ జాతకం. మరి ఖర్చు ఎక్కువ అయినప్పుడు రేటు తక్కువ ఎందుకంటే, రేటు ఖర్చులోంచి పుట్టదు కాబట్టి. కంపెనీ అమ్మేది కిలోమీటర్లు కాదు, హైదరాబాద్ నుంచి లండన్ చేరడం అనే పని. ఆ పనికి నేరుగా తీసుకెళ్ళేది మంచి సరుకు, తిప్పి తీసుకెళ్ళేది రెండో రకం సరుకు, మంచి సరుకు చేసేవాడికి చవగ్గా పడిందని కొనేవాడికి చవగ్గా ఇవ్వడు కదా.

ఆ మంచి సరుకు ఎవరు కొంటారు? కంపెనీ డబ్బుతో సోమవారం మీటింగ్‌కి పరిగెత్తే మేనేజర్లు కొంటారు. మోకాళ్ళ నొప్పితో మొదటిసారి ఒంటరిగా కూతురి దగ్గరికి వెళ్ళే అమ్మమ్మ కోసం కొడుకు కొంటాడు, అర్ధరాత్రి దోహాలో గేటు మారిందని ఇంగ్లీషులో అనౌన్స్ చేస్తే ఆవిడ ఏమైపోతుందో అని. చంటిబిడ్డ ఉన్నవాళ్ళు కొంటారు. వీళ్ళకి రేటు రెండో విషయం, ఆ సంగతి కంపెనీకి బాగా తెలుసు. దోహా మీదుగా తిప్పే గల్ఫ్ కంపెనీ వీళ్ళ దగ్గరికి వచ్చి చెప్పగలిగింది ఒక్కటే, నేను తిప్పుతాను నిజమే కానీ తక్కువకి తిప్పుతాను అని.

తక్కువకి తిప్పితే వాడికేం మిగులుతుందండీ అంటారా, అసలు కథ అక్కడే ఉంది. దోహా ఉన్న ఖతార్ దేశం మొత్తం జనాభా ముప్పై లక్షల చిల్లర. ఆ దేశం నుంచి లండన్‌కి రోజుకి బోలెడు విమానాలు. వాటిని నింపడానికి ఖతార్‌లో ఉన్నవాళ్ళంతా వంతులేసుకుని లండన్ వెళ్ళొచ్చినా చాలదు. అందుకని హైదరాబాద్ నుంచి, కొలంబో నుంచి, ఢాకా నుంచి, నైరోబీ నుంచి జనాన్ని పోగేసి ఒకే టైముకి దోహాలో దించి అక్కడి నుంచి పంచుతారు. హైదరాబాద్‌లో ఎక్కినవాళ్ళలో దోహాలోనే పని ఉన్నవాళ్ళు కొందరే, మిగతావాళ్ళు లండన్, డాలస్, షికాగో, పారిస్. వచ్చే ఊళ్ళు నలభై, పోయే ఊళ్ళు నలభై అనుకోండి, పదహారు వందల జతలు, అన్నీ కలిసి అవే విమానాలు నింపుతాయి. నేరుగా వెళ్ళే విమానానికి ప్రధానంగా ఆ ఒక్క జతే దిక్కు, అటు చివర లండన్ నుంచి ఇంకెక్కడికో మారిపోయేవాళ్ళు కొందరు కలిస్తే కలుస్తారు.

ఇప్పుడు లెక్కల మాస్టారు కోసం ఒక లెక్క, అంకెలు నేను వేసుకున్నవి, పద్ధతి మాత్రం నిజంగా వాళ్ళు వాడేదే. కంపెనీ కంప్యూటర్ ప్రతి విమానానికి ఒక అంకె పెట్టుకుంటుంది, ఇంతకంటే తక్కువ వస్తే ఈ సీటు అమ్మకు, తర్వాత ఇంకెవడైనా ఎక్కువ ఇస్తాడు అని. బిడ్ ప్రైస్ అంటారు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పెళ్ళిళ్ళూ లేవు సెలవులూ లేవు, హైదరాబాద్ దోహా విమానం సగం ఖాళీ, దాని అంకె 6 వేలు. దోహా లండన్ విమానం అంకె 14 వేలు. కూడితే 20 వేలు, అంతకంటే ఎంత పైన వచ్చినా కంపెనీకి లాభమే, కాబట్టి 28 వేలకి బోర్డు పెడతాడు. అదే రోజు నేరుగా వెళ్ళే విమానంలో సీట్లు చాలావరకు అయిపోయాయి, చివరి నిమిషంలో వచ్చే మేనేజర్ కోసం కొన్ని దాచాడు, దాని అంకె 38 వేలు. మీరు 30 ఇస్తానన్నా వాడు తల కూడా తిప్పడు, 42 అంటాడు. రెండు విమానాల మొత్తం ఒక విమానం కంటే తక్కువ అవడానికి ఇంతకంటే పెద్ద మాయ ఏమీ లేదు, ఖాళీగా ఎగిరే సీటు విలువ తలుపు మూసిన క్షణంలో సున్నా అవుతుంది అనే భయం ఎవడికి ఎంతుంది అన్నదే.

అయితే బాబాయ్ ఇక్కడ తెలివి చూపించాడు. మనకి తెలిసినవాళ్ళబ్బాయి దోహాలో ఉన్నాడు కదా, వాడు అదే దోహా లండన్ విమానం ఎక్కితే ఇంకా చవగ్గా ఉండాలి కదా అన్నాడు. ఉండదు బాబాయ్. అదే విమానంలో పక్క సీట్లో కూర్చుని, మనకంటే నాలుగున్నర గంటలు తక్కువ ప్రయాణం చేసి, మనకంటే ఎక్కువ కట్టి ఉండొచ్చు వాడు. దోహా నుంచి లండన్‌కి అది నేరుగా వెళ్ళే విమానం, అంటే అక్కడ అదే మంచి సరుకు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటామే, విమాన కంపెనీలన్నీ అంతే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ వాడి దగ్గర పులి, అదే ఓస్లోలోనో డబ్లిన్‌లోనో ఉన్నవాడిని లండన్ మీదుగా ఇంకెక్కడికో తీసుకెళ్ళాలంటే పిల్లి, మ్యావ్ అంటూ రేటు తగ్గిస్తుంది. కొంతమంది లండన్ వాళ్ళు చవక కోసం డబ్లిన్ వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ లండన్ మీదుగానే ఎగురుతారు. బాబాయ్ ఇది విని కాసేపు మంచినీళ్ళు తాగాడు.

తర్వాత ప్రతి తెలుగువాడికి వచ్చే ఆలోచనే ఆయనకీ వచ్చింది. దోహాలోనే పనుంటే, చవగ్గా ఉన్నప్పుడు లండన్ టికెట్ కొని దోహాలో దిగిపోతే? మీకంటే ముందు ప్రపంచం అంతా అనుకుంది అది. ఒక ప్రయాణికుడు ఓస్లో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సియాటిల్ వెళ్ళి వచ్చే టికెట్ కొన్నాడు, తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఓస్లో విమానం ఎక్కకుండా బెర్లిన్ వెళ్ళిపోయాడు. మా విమానం ఎక్కనందుకు మాకు రెండు వేల యూరోల పైచిలుకు బాకీ ఉన్నావు అని లుఫ్తాన్సా వాడు కోర్టుకి వెళ్ళాడు. తిన్న భోజనానికి బిల్లు చూశాం గానీ వదిలేసిన భోజనానికి అదనంగా బిల్లు వేసే హోటల్ గవర్నర్‌పేట మొత్తం వెతికినా దొరకదు. 2018 డిసెంబర్‌లో బెర్లిన్ కోర్టు ఆ దావా కొట్టేసింది. కోర్టు కొట్టేసిందని మీరు ధైర్యం చేస్తే మాత్రం సామాను లండన్ పోతుంది మీరు దోహాలో ఉంటారు, పైగా మధ్యలో ఒక విమానం ఎక్కకపోతే ఆ టికెట్‌లో దాని తర్వాతవన్నీ, రిటర్న్‌తో సహా, కేన్సిల్ చేసేస్తారు. ఇంకోటి, కొన్నిసార్లు ఆ రెండు విమానాలకీ కంప్యూటర్ పెళ్ళి చేసేస్తుంది, జంటగా అడిగితే సీటుంది అంటుంది, హైదరాబాద్ దోహా ఒక్కటే అడిగితే ఆ రేటులో లేదు అంటుంది. మ్యారీడ్ సెగ్మెంట్స్ అని దాని పేరు, విడాకులకి దరఖాస్తు చేసుకునే కౌంటర్ లేదు.

చవకలో అసలు ప్రమాదం ఇది కాదు, బాబాయ్‌కి గట్టిగా చెప్పిన సంగతి ఇంకోటి. సైట్‌లో అన్నిటికంటే పైన వచ్చే అతి చవక రూట్లు కొన్ని ఒక టికెట్ కాదు, రెండు వేరు వేరు కంపెనీల టికెట్లు, సైట్ వాడు పక్కపక్కన పెట్టి అతికించినవి. చిన్న అక్షరాల్లో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని రాసి ఉంటుంది. ఒకే టికెట్ అయితే మొదటి విమానం లేటై రెండోది పోతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది. రెండు టికెట్లు అయితే మొదటివాడు నేను దోహా దాకానే అంటాడు, రెండోవాడు మీరు రాలేదు కదండీ అంటాడు, ఇద్దరూ నిజమే చెప్తారు. సామాను మధ్యలో మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, దానికి ఆ దేశంలోకి దిగాలి, దిగాలంటే వీసా కావాలేమో చూసుకోవాలి. డబ్బు కట్టేముందు రెండు విమానాలకీ పీఎన్ఆర్ ఒక్కటేనా, సామాను లండన్ దాకా చెక్ చేస్తారా అని అడగండి, జవాబు నసుగుతూ వస్తే వదిలేయండి.

ఇంతా విన్నాక బాబాయ్ ఫిబ్రవరి టికెట్ వద్దు, మనవడికి సెలవులు ఉండగా ఆగస్టులో వెళ్ళి ఆఖర్లో వచ్చేస్తా, ఎలాగూ తిప్పే రూటు చవకే కదా అన్నాడు. నెలాఖరుకి రిటర్న్ సంగతి తర్వాత, ముందు వెళ్ళేది చూద్దాం అన్నా. లండన్, అమెరికా చదువులకి మన జిల్లాల పిల్లలంతా కదిలే రోజులవి, హైదరాబాద్ దోహా విమానంలో నలభై ఊళ్ళకి పోయేవాళ్ళూ ఒకే తలుపు దగ్గర తోసుకుంటారు. మన లెక్కలో 6 వేలు ఉన్న అంకె ఆ రోజుల్లో 25 వేలు అయిందనుకోండి, లండన్ విమానం అంకె కూడా కాస్త పెరిగిందనుకోండి, తిప్పి తీసుకెళ్ళేవాడు కూడా 50 అంటాడు, నేరుగా వెళ్ళేవాడు 48 అంటాడు. ఎక్కువ తిరిగితే ఎక్కువ డబ్బు, అచ్చం రైల్వే లాగే. బాబాయ్ కోరుకున్న న్యాయం అదే కదా, అయినా ఆయన నా మొహం వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఏమీ కనపడలేదు.