స్మోక్ పాయింట్ పండితులకు సవినయ మనవి

ఆ పట్టిక మీకూ వచ్చే ఉంటుంది. పైన ఎర్రక్షరాల్లో ‘మీ వంటనూనె మిమ్మల్ని చంపుతోందా?’ అనే ప్రశ్న. కింద ఐదు సీసాల బొమ్మలు, ఒక్కో సీసా పక్కన డిగ్రీల్లో ఒక అంకె. ఆవనూనె 250, పొద్దుతిరుగుడు 230, వేరుశనగ 230, ఆలివ్ 190, కొబ్బరి 175. అంకె పెద్దదైతే పచ్చరంగు, చిన్నదైతే ఎర్రరంగు. దీన్ని ఎవరు తయారుచేశారో తెలియదు గానీ, ఇది చేతికందిన మరుక్షణం మన చుట్టాల్లో సగం మంది రసాయన శాస్త్రవేత్తలైపోయారు.

నూనె వేడెక్కుతూ పోతే ఒక దశలో సన్నటి పొగ ఆగకుండా రావడం మొదలవుతుంది. ఆ వేడినే స్మోక్ పాయింట్ అంటారు, పట్టికలోని అంకెలు అవే. ఇందులో తప్పేమీ లేదు. తిరకాసంతా పట్టికలో ఉంది. అందులో పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలు రిఫైన్డ్‌వి. ఆలివ్, కొబ్బరి నూనెలు మాత్రం శుద్ధి చేయనివి. శుద్ధి చేస్తే ఏ నూనెకైనా అంకె పెరుగుతుంది. అదే వేరుశనగను గానుగ పట్టించి తెస్తే 160 దగ్గరే పొగ మొదలవుతుంది, రిఫైన్డ్ కొబ్బరినూనె 200 దాటేదాకా ఓర్చుకుంటుంది. పైగా వేపుడుకు కావాల్సింది 170 నుంచి 180 డిగ్రీలు. పాస్ మార్కు 180 అయిన పరీక్షలో ఒకడికి 190, ఇంకొకడికి 250 వస్తే ఇద్దరూ పాసైనట్టే కదా! మన పండితులు మాత్రం 190 వచ్చినవాణ్ని బడి నుంచే గెంటేయమంటారు.

ఈ పట్టికను నమ్ముకున్న పండితులవారు వేపుడు మొదలుపెట్టే ఘట్టాన్ని అందరూ ఒకసారి చూసి తరించాలి. ముందుగా సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, లేబుల్ మీది చిన్నక్షరాలు చదివి, ‘ఊఁ’ అంటారు. అర లీటరు పొద్దుతిరుగుడు నూనె బాణలిలో పోసి, మంట పూర్తిగా పెంచి, స్మోక్ పాయింట్ అంటే ఏమిటో పక్కగదిలో వాళ్లకు చెప్పడానికి వెళ్తారు. ఉపన్యాసం ట్రాన్స్ ఫ్యాట్ దాకా వచ్చేసరికి వంటగదిలోంచి నీలం పొగ వస్తుంది. పరుగెత్తుకొచ్చి, ‘చూశారా, కల్తీ నూనె! 230 దాకా పొగ రాకూడదు’ అని అక్కడికక్కడే తీర్పు చెబుతారు. నూనె అప్పటికే 230 దాటేసిందన్న అనుమానం వారికి రాదు. వారి దగ్గర పట్టిక ఉంది గానీ థర్మామీటరు లేదు.

ఇక కడిగిన బంగాళదుంప ముక్కలు, మూడు వందల గ్రాములు, నీళ్లోడుతుండగానే ఒక్కసారిగా బాణలిలోకి. నూనె ఎగసి చిమ్ముతుంది. పండితులవారు మూతను డాలులా అడ్డం పెట్టుకుని గోడ దాకా వెనక్కి తగ్గుతారు. అయినా ఒమేగా-6 మీద ప్రసంగం ఆగదు. అన్ని ముక్కలు, అంత తడి ఒక్కసారే పడేసరికి నూనె వేడి పదుల డిగ్రీలు పడిపోతుంది. ముక్కలు వేగడం మానేసి నూనెలో నానడం మొదలుపెడతాయి. బయటికి తీస్తే మెత్తగా, జిడ్డోడుతూ ఉంటాయి. ‘పొద్దుతిరుగుడు గుణమే అంత, ఆలివ్ అయితే ఇలా పీల్చదు’ అని రెండో తీర్పు. ఆలివ్‌ను ఇందాకే ఎర్రరంగులో పెట్టారు కదా అని మీరు అడగకూడదు.

చివరి అంకం ఇంకా గొప్పది. మిగిలిన నూనెను అడుగున మాడిన తునకలతో సహా, గోరువెచ్చగా ఉండగానే సగం నిండిన కొత్త సీసాలో పోసేస్తారు. ‘వృథా ఎందుకమ్మా!’ ఆ సీసాను పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టి చేతులు కడుక్కుంటారు. నూనె ఎంపికలో వారు ఎక్కడా రాజీ పడలేదు.

ఇప్పుడు ఆ బాణలిలో జరిగిందేమిటో చూద్దాం. బంగాళదుంపలో ముప్పావు వంతుకు పైగా నీరే. వేగుతున్నప్పుడు అది ఆవిరై నూనె గుండా బయటికొస్తుంది. ఆ వేడిలో నీరు తగిలితే నూనె అణువులు కొన్ని తెగి ఫ్యాటీ యాసిడ్లు విడిపోతాయి. నూనె తొందరగా పొగ వేయడానికి కారణం ఈ విడిపోయిన యాసిడ్లే. అంటే వేపిన ప్రతిసారీ స్మోక్ పాయింట్ కొంత కిందికి దిగుతుంది. పట్టికలోని 230 తొలిరోజు నూనెది, నాలుగో వాయి నూనెకు ఆ అంకె వర్తించదు. మూత విప్పినప్పటి జాతకం పట్టుకుని నెలంతా వేపుతూ కూర్చున్నాం.

అసలైన గొడవ ఆక్సిజన్‌తో. గాలి తగులుతూ కాగే నూనెలో ముందుగా విరిగేవి, అణువులో కర్బన పరమాణువుల మధ్య జంట బంధాలు రెండో అంతకు మించో ఉన్న ఫ్యాటీ యాసిడ్లు. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు 60 శాతం లినోలెయిక్ ఆమ్లం. దానికి జంట బంధాలు రెండు. ఆలివ్‌లో 70 శాతానికి పైగా ఓలెయిక్ ఆమ్లం, దానికి ఒక్కటే జంట బంధం. లినోలెయిక్ ఓలెయిక్ కన్నా పది రెట్లు, అంతకన్నా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. అలా విరిగినప్పుడు ఆల్డిహైడ్లనే ఘాటు రసాయనాలు పుడతాయి. ముక్కిపోయిన నూనె వాసన, బాణలి అంచున గోకినా పోని బంక, ఇవన్నీ ఆ విరగడం తాలూకు ఫలితాలే. అందుకే పట్టికలో పచ్చరంగు కొట్టేసిన పొద్దుతిరుగుడు, మళ్లీ మళ్లీ వేపితే ఎర్రరంగు ఆలివ్ కన్నా ముందే పాడవుతుంది. వేరుశనగ మధ్యలో ఉంటుంది, రోజువారీ వేపుడుకు దాని మీద నాకేమీ ఫిర్యాదు లేదు. ‘హై ఓలెయిక్’ అని రాసిన పొద్దుతిరుగుడు నూనె వేరే కథ. అది వేపుడులో ఆలివ్‌తో సమానంగా నిలబడుతుంది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు వెతకాల్సిన మాట ఇదొక్కటే, పండితులవారికి కనిపించనిదీ ఇదొక్కటే.

అయితే ఏ నూనె అయినా ఒకటేనా? కాదు. పళ్లెంలోకి వచ్చేదాన్ని లెక్క కట్టండి. ఆ మూడు వందల గ్రాముల దుంపలు సరిగ్గా వేగితే ఇంచుమించు 20 గ్రాముల నూనె పట్టుకుంటాయనుకుందాం. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే కాబట్టి 180 కేలరీలు. ‘లైట్’ అని రాసున్న ఆలివ్ నూనె అయినా అంతే, అందులో లైట్ రంగూ రుచీ మాత్రమే. కానీ ఆ 20 గ్రాముల్లో సంతృప్త కొవ్వు ఆలివ్ అయితే సుమారు 3 గ్రాములు, వేరుశనగ అయితే 4 లోపు, పొద్దుతిరుగుడు, ఆవనూనె అయితే 2 దగ్గర. కొబ్బరి అయితే 18! రోజుకు రెండు వేల కేలరీలు తినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 22 గ్రాములు. ఒక్క పళ్లెంతో రోజు కోటా దాదాపు పూర్తి. కొబ్బరినూనె వేడికి తొందరగా విరగదన్నది నిజమే. రోజూ అందులోనే వేపుకుంటే చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుందన్నదీ అంతే నిజం. ఆ సీసా మీద కూడా ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసుకోవచ్చు. రాసింది అబద్ధం కాదు మరి, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. గుండె జబ్బున్న మనిషి ఆ ఒక్క మాట చూసి ధైర్యంగా కొనుక్కెళ్తాడని రాసినవాడికి బాగా తెలుసు.

ఆవనూనె సంగతి మరీ తమాషా. పట్టికలో దానిదే మొదటి ర్యాంకు. అదే సీసా అమెరికాలో ‘ఒంటికి రాసుకోవడానికి మాత్రమే’ అన్న ముద్రతో దొరుకుతుంది. కారణం ఎరూసిక్ ఆమ్లం అనే ఫ్యాటీ యాసిడ్. మామూలు ఆవనూనెలో అది 40 శాతం, అంతకు మించి కూడా ఉండొచ్చు, యూరప్‌లో వంటనూనెలకు హద్దు 2 శాతం, ఆవనూనెకైతే 5 శాతం. ఎలుకల గుండె కండరాల్లో కొవ్వు పేరుకోవడం చూసి పెట్టిన హద్దులివి, మనుషుల్లో ఆ హాని రుజువు కాలేదు. కంగారు పడక్కర్లేదు గానీ, 250 అనే అంకె చూసి సాష్టాంగపడాల్సిన పనీ లేదు.

వేపడానికి మాత్రం పట్టికెందుకండీ? ముక్కల తడి గుడ్డతో ఒత్తండి. ఒక ముక్క వేసి చూడండి. అడుగునే కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు. చుట్టూ బుడగలతో నెమ్మదిగా పైకి తేలితే సరిపోయింది. వేసీ వేయగానే నల్లబడితే మంట తగ్గించాలి. కొద్దికొద్దిగా వేయండి. తీసేటప్పుడు చిల్లుల గరిటెను బాణలి మీదే కాసేపు గట్టిగా విదిలించండి. ముక్క నూనె పీల్చేది ఎక్కువగా బయటికొచ్చాకే. లోపలి ఆవిరి చల్లబడగానే పైన అంటిన నూనె లోపలికి లాగేసుకుంటుంది. మిగిలిన నూనె చల్లారాక వడకట్టి వేరే సీసాలో, చీకట్లో పెట్టి, ఒకటి రెండుసార్లు వాడి పారేయండి. కొత్త నూనెలో కలపకండి.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఇంటి బాణలి గురించి కాదు. అమ్మకానికి వేపేవాళ్ల పెద్ద బాణళ్లలో రోజుల తరబడి అదే నూనె, తగ్గినంత మేర పైన కొత్తది పోసుకుంటూ, మళ్లీ అదే నూనె. అలా విరిగిపోయిన పదార్థాలను పోలార్ కాంపౌండ్స్ పేరుతో కొలుస్తారు. అవి 24, 25 శాతం దాటితే ఆ నూనె పారబోయాలని చాలా దేశాల్లో నిబంధన ఉంది. కొలిచే పరికరం చేతిలో పట్టేంతే ఉంటుంది, నూనెలో ముంచితే క్షణాల్లో అంకె చెబుతుంది. దాన్ని ముంచేవాడేడీ? ఇదేమీ తెలియక చేస్తున్న పని కాదు, నూనె పారబోస్తే లాభం తగ్గుతుందని తెలిసి చేస్తున్న పని. అక్కడ చేతులు చాచి నిలబడేది పిల్లలు. వాళ్ల పొట్టల్లోకి ఆ జిగురు పోయడం నేరం. దాన్ని పట్టించుకోని మనం ఇంట్లో కూర్చుని ఆలివా, వేరుశనగా అని వాదించుకోవడం సిగ్గుచేటు.

అక్కడ ‘ఏ నూనె వాడతారండీ’ అని అడిగేవాళ్లను చాలామందిని చూశాను. నూనె ఎప్పుడు మార్చారని అడగండి. జవాబు రాకపోతే బాణలిలోకి తొంగి చూడండి. రంగును బట్టి తేల్చకండి, మాడిన తునకల వల్ల కూడా నూనె నల్లబడుతుంది. తాజా నూనెలో బుడగలు పెద్దగా లేచి వెంటనే పగిలిపోతాయి. పాడైన నూనెలో సన్నటి నురగ కట్టి, ముక్కలు తీసేశాక కూడా అంచులు పట్టుకుని అలాగే ఉంటుంది. గరిటె ఎత్తితే నూనె చిక్కగా తీగ సాగుతుంది, మామూలు మంటకే పొగ లేస్తుంది. ఇందులో ఏ రెండు కనిపించినా అది ఏ గింజ నూనె అయితేనేం, డబ్బులు జేబులోనే ఉంచుకుని పిల్లాడి చెయ్యి పట్టుకుని వచ్చేయండి.